మామిడి పెట్టె ఫోటో కింద ఏం రాయాలి?

నూజివీడు వైపు కొందరు మామిడి రైతులు కలిసి ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నారు. రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసి పండించిన కాయను మధ్యలో దళారీ లేకుండా విజయవాడ, హైదరాబాద్‌లలోని ఇళ్లకు పంపుతారు. ఆ ఊళ్లో చుట్టరికం ఉండడంతో వాళ్ల వాట్సాప్ పోస్టులకు, ఫేస్‌బుక్ ఫోటోలకు కింద నాలుగు మాటలు రాసిపెట్టే పని నా మీద పడింది.

మొదటి వేసవి నేను రాసిచ్చిన క్యాప్షన్ ఇది: “అమృతాన్ని మించిన రుచి! ప్రకృతి ఒడిలో పండిన నూటికి నూరుపాళ్లు ఆర్గానిక్ బంగినపల్లి. రైతు తోట నుంచి నేరుగా మీ ఇంటికి. ఆర్డర్ల కోసం సంప్రదించండి.”

ఫోటో బాగుంది. పోస్టు చాలా గ్రూపులు తిరిగింది. సంఘం లెక్కలు చూసే అమ్మాయి ఫోను మాత్రం పొద్దుటి నుంచి రాత్రిదాకా మోగుతూనే ఉంది. పెట్టె ఎన్ని కిలోలండీ? ఎన్ని కాయలొస్తాయి? పండ్లు పంపుతారా, కాయలు పంపుతారా? కూకట్‌పల్లికి వస్తుందా? డబ్బులు ముందే వేయాలా? అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పేసరికి తోటలో తూకం దగ్గర ఉండాల్సిన మనిషి గట్టు మీద ఫోను పట్టుకుని నిలబడిపోయింది. కొన్నవాళ్లలోనూ కొందరు అలిగారు. పండ్లు వస్తాయనుకుంటే పచ్చికాయలు వచ్చాయని ఒకరు, తొక్క మీద నల్లటి చారలున్నాయి కాబట్టి పాత సరుకని ఇంకొకరు. నిజానికి ఆ కాయలో ఏ లోపమూ లేదు. నేను రాసిన మాటల్లోనే వాళ్లకు కావలసింది ఒక్కటీ లేదు.

ఆ అమ్మాయి ఒక మంచి పని చేసింది. ఫోనులో వచ్చిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటుబుక్కులో రాసి, అదే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన గీత పెట్టుకుంటూ పోయింది. సీజన్ అయ్యాక ఆ పుస్తకం నా ముందు పెట్టి, “ఈసారి వీటికి జవాబులు రాయండి బాబాయ్, పొగడ్త ఫోటో చూసుకుంటుంది” అంది. క్యాప్షన్ రాయడం గురించి నాకు అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. ఎక్కువ గీతలు పడిన ప్రశ్నకు జవాబు మొదటి వరుసలోకి వస్తుంది. మిగతావి గీతల వరుసలోనే కిందికి దిగుతాయి.

రెండో ఏడాది మే నెల మొదట్లో పెట్టిన క్యాప్షన్ ఇలా ఉంది:

“బంగినపల్లి, 5 కిలోల పెట్టె, 600 రూపాయలు. ఈ వారం 120 పెట్టెలే ఉన్నాయి. ఆర్డరు బుధవారం రాత్రి 9 గంటల వరకు. కోత గురువారం. విజయవాడలో శనివారం ఇంటికి తెచ్చిస్తాం, పెట్టెకు 40 రూపాయలు అదనం. హైదరాబాద్‌కు ఆర్టీసీ కార్గోలో వేస్తాం, కార్గో ఖర్చు మీది, శనివారం కౌంటర్లో తీసుకోవాలి.

పంపేది పక్వానికి వచ్చిన కాయ, పండు కాదు. ఇంట్లో నాలుగైదు రోజుల్లో మాగుతుంది. పెట్టెలో కాయ సైజును బట్టి 12 నుంచి 15 వస్తాయి.

ఆర్డరుకు ఈ నంబరుకే వాట్సాప్ చేయండి: పేరు, ఎన్ని పెట్టెలు, ఊరు, కాలనీ, పిన్‌కోడ్. ‘పెట్టె ఖాయం’ అని మా జవాబు వచ్చాకే డబ్బు వేయండి. పండ్లు ఏవైనా కుళ్లితే పెట్టె అందిన వారంలోగా ఫోటో పంపండి, ఆ కాయల డబ్బు తిరిగి వేస్తాం.”

ఇందులో అలంకారం ఏమీ లేదు. ఆ వారం ఫోన్లు బాగా తగ్గాయి. వచ్చినవాటిలో ఎక్కువ ఆర్డర్లే.

ప్రతి మాటా ఎందుకుందో చెప్తాను. ‘ఈ వారం 120 పెట్టెలే’ అన్నది ఆశపెట్టడానికి రాసింది కాదు. ఆ వారం ఏ తోటలో ఎన్ని చెట్ల కాయ పక్వానికి వచ్చిందో మంగళవారం సాయంత్రం రైతులు చెట్టు చెట్టూ చూసి చెప్పిన లెక్క అది. బంగినపల్లి పక్వానికొస్తే తొడిమకు రెండు వైపులా భుజాలు నిండి, తొడిమ చిన్న గుంటలో దిగినట్టు కనిపిస్తుంది. తొక్క మీద చుక్కలు తేలతాయి. కోసిన కాయను నీళ్లలో వేస్తే మునుగుతుంది. తేలే కాయ ఇంకా లేతది. అది ఎన్ని రోజులు గడ్డిలో పెట్టినా ముడతలు పడుతుందేగాని తియ్యబడదు. ఆర్డర్లు ఎక్కువొచ్చాయి కదా అని లేతకాయ కోసి పంపిన సంఘానికి మరుసటి ఏడాది ఆ ఇంటి నుంచి ఆర్డరు రాదు. అందుకే అంకె వేశాక, ఆ అంకె నిండిన నిమిషంలో క్యాప్షన్ పైన ‘ఈ వారం పెట్టెలు అయిపోయాయి, తర్వాతి ఆర్డర్లు ఆదివారం నుంచి’ అని చేర్చాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

ఆర్డరుకు బుధవారం గడువు, గురువారం కోత పెట్టడానికీ కారణముంది. లెక్క తెలిశాక కోస్తే కాయ మిగలదు. మిగిలిన కాయ మళ్లీ దళారీ ధరకే పోవాలి. గురువారం పొద్దున్నే చిక్కంతో, గుప్పెడు తొడిమ ఉండేలా కాయ దింపుతారు. చెట్టు కిందే తొడిమ పొట్టిగా కత్తిరించి, కాయను తలకిందులుగా పరిచిన గోనెల మీద బోర్లిస్తారు. సొన అంతా కారిపోవాలి. ఈ పని జరిగేటప్పుడు ఒకసారి పక్కన కూర్చుని చూశాను. తొడిమ తెగిన చోట నుంచి నీళ్లలాంటి సొన చిమ్మినట్టు వస్తుంది. అది తొక్క మీద పడితే ఒకటి రెండు రోజుల్లో నల్లటి చార తేలుతుంది. లోపలి గుజ్జుకేమీ కాదు. అయినా చూసేవాళ్లకి అది కుళ్లులాగే ఉంటుంది. అందుకే ఆ తర్వాతి వారం క్యాప్షన్‌కు ఒక వాక్యం చేర్చాం: “తొక్క మీద నల్ల చార కనిపిస్తే అది సొన మచ్చ. వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే కాయ బాగున్నట్టే. మెత్తగా దిగితే ఫోటో పంపండి.” ఈ వాక్యం వేశాక చారల మీద ఫిర్యాదులు ఇంచుమించు ఆగిపోయాయి.

ఫ్రిజ్ సంగతి కూడా అలాగే చేరింది. కాయ రాగానే ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు చాలామంది. మామిడికి పచ్చిగా ఉన్నప్పుడు చలి పడదు. మాగడం ఆగిపోయి, తొక్క మాసిపోయి, బయటకు తీశాక కూడా రుచి రాదు. “మాగేదాకా ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గడ్డి లేదా పేపరు పరిచి ఒకదానికొకటి తగలకుండా పెట్టండి” అని రాస్తే చాలు.

ఇప్పుడు కష్టమైన మాట. ఆర్గానిక్ అని ఎలా రాయాలి?

మొదటి ఏడాది ‘నూటికి నూరుపాళ్లు ఆర్గానిక్’ అని రాశాను, నా దగ్గర దానికి కాగితం లేదు. మన దేశంలో సేంద్రియ ఆహారానికి రెండు దారుల్లో ధ్రువీకరణ ఉంది. ఒకటి బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసే జాతీయ సేంద్రియ కార్యక్రమం, దాన్ని అపెడా చూస్తుంది. రెండోది పీజీఎస్ ఇండియా. ఇందులో కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకుంటారు. రసాయనాలు మానేశాక కొంతకాలం తోట మార్పిడి దశలో ఉంటుంది. మొదటి పద్ధతిలో మామిడిలాంటి బహువార్షిక పంటకు ఆ గడువు మూడేళ్లు. పీజీఎస్‌లో మార్పిడి దశ సరుకుకు ‘గ్రీన్’ అని, పూర్తయినదానికి ‘ఆర్గానిక్’ అని వేర్వేరు గుర్తులిస్తారు. చిన్న రైతుగానీ, చిన్న ఉత్పత్తిదారుల సంఘంగానీ నేరుగా తినేవాళ్లకే అమ్మితే ధ్రువీకరణ తప్పనిసరి కాదని 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి. ఆ మినహాయింపుతో అమ్మేవాళ్లు ‘జైవిక్ భారత్’ గుర్తు మాత్రం వేసుకోకూడదు.

మా సంఘంలో ఆరు తోటలకు పీజీఎస్ ఆర్గానిక్ పత్రం ఉంది. మూడు తోటలు ఇంకా గ్రీన్‌లోనే ఉన్నాయి. కాయ కలిపేస్తే ఎవరికీ తెలియదు, రంగూ రుచీ ఒకటే. కానీ కలపకూడదని సంఘం సమావేశంలో తీర్మానం చేశారు. అందుకే మూడు తోటల పెట్టెకు వేరే క్యాప్షన్ ఉంటుంది: “ఈ పెట్టె మార్పిడి దశలో ఉన్న తోటది. రసాయనాలు మానేసి రెండేళ్లయింది. పూర్తి ఆర్గానిక్ పత్రం ఇంకా రాలేదు. అందుకే పెట్టె 520 రూపాయలు.” ఈ పోస్టు పెట్టడానికి ఒక రైతు మొదట జంకాడు, తన కాయ ఎవరూ తీసుకోరేమోనని. ఆ పెట్టెలు కూడా అయిపోయాయి. తక్కువ ధరకు కొన్నవాళ్లు కొందరు, దాచకుండా చెప్పారని కొన్నవాళ్లు కొందరు.

ఇంకో పొరపాటు చాలా పోస్టుల్లో కనిపిస్తుంది. ‘కార్బైడ్ వాడలేదు, కాబట్టి ఆర్గానిక్’ అంటారు. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం చట్టం ఎవరికైనా నిషేధించింది, ఆర్గానిక్ అయినా కాకపోయినా. కార్బైడ్ సంగతి మాగబెట్టడానికి సంబంధించింది, ఆర్గానిక్ సంగతి తోటకు సంబంధించింది. ఏడాది పొడవునా మందు కొట్టిన తోట కాయను గడ్డిలో మాగబెట్టినంత మాత్రాన అది ఆర్గానిక్ అయిపోదు. అందుకే ఈ రెండు మాటలూ విడివిడిగా రాయాలి. తోటలో ఏం చేశారో రెండు ముక్కలు చెప్తే ‘నూటికి నూరుపాళ్లు’ అన్నదానికన్నా ఎక్కువ నమ్మకం కుదురుతుంది. మేం రాసింది ఇదీ: “పూత మీద తేనెమంచు పురుగుకు వేపనూనె కొట్టాం. పండు ఈగకు ఎర బుట్టలు కట్టాం, ఫోటోలో చెట్టుకు వేలాడేవి అవే. పీజీఎస్ పత్రం నంబరు పెట్టె మీద ఉంటుంది.” ఆ నంబరుతో ఎవరైనా పీజీఎస్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు.

ఆరోగ్యం మాటలు అసలు వద్దు. ‘షుగర్ వాళ్లు నిశ్చింతగా తినొచ్చు’ లాంటి వాక్యాలు బియ్యం, బెల్లం పోస్టుల్లో విరివిగా తిరుగుతుంటాయి. ఆహారం జబ్బును నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో చెప్పుకోవడాన్ని 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. అంతకుమించి, ఆ మాట నమ్మి ఎవరైనా గోలీలు మానేస్తే దానికి సంఘం ఏం సమాధానం చెప్పగలదు?

ఏడాది పొడవునా ఏం దొరుకుతుందన్నది ఇంకో పెద్ద ప్రశ్న. మామిడి కొన్న ఇల్లు జులై తర్వాత సంఘాన్ని మరిచిపోతుంది. మళ్లీ ఏప్రిల్‌లో మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకని ఇతర ఊళ్ల సంఘాలతో కలిసి ఒక నెలల పట్టిక తయారుచేసుకుని, పేజీ పైన ఎప్పుడూ కనిపించేలా పెట్టారు. అందులో నేను నేర్చుకున్న విషయం ఒకటుంది. పంట కోతకొచ్చే నెల వేరు, సరుకు మీ వంటింటికి వచ్చే నెల వేరు. క్యాప్షన్‌లో వేయాల్సింది రెండోది. పసుపు జనవరి నుంచి తవ్వుతారు గానీ ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టి, కొమ్ము పొడి కొట్టేసరికి మార్చి దాటుతుంది. జనవరిలో పొలం ఫోటో పెట్టి ‘కొత్త పసుపు’ అని రాస్తే రెండు నెలలపాటు ‘ఎప్పుడు పంపుతారు’ అన్న ఫోన్లే వస్తాయి. ఆ ఫోటో కింద “తవ్వకం మొదలైంది. పొడి ఏప్రిల్ మొదటి వారం నుంచి. పేరు ఇప్పుడే రాయించుకోవచ్చు, డబ్బు అప్పుడే” అని రాస్తే సరిపోతుంది.

ధాన్యం సంక్రాంతికి ఇల్లు చేరుతుంది. ఆ కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది. పట్నంవాళ్లకు పొడిపొడిగా కావాలి. “కొత్త బియ్యం, నీళ్లు తగ్గించి వండండి. పాత బియ్యం కావాలంటే జూన్‌లో అడగండి” అన్న మాట లేకపోతే మంచి బియ్యానికే చెడ్డపేరు వస్తుంది. కందిపప్పుకు మెరుగు పెట్టరు కాబట్టి అది మెరవదు. గానుగ బెల్లం ముదురు రంగులో ఉంటుంది. లేత పసుపు రంగు రావడానికి పాకంలో హైడ్రోస్ కలుపుతారు, అది కలపలేదు కాబట్టే ఈ రంగు. ఈ మాట బెల్లం క్యాప్షన్‌లో రంగు పక్కనే రాయాలి. ఇంకోటి, నూనె, పసుపు పొడి, బెల్లం లాంటివి ప్యాకెట్లో అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు ఉండాలి. ఆ నంబరు ప్యాకెట్టు మీదున్నట్టు ఫోటోలోనే కనిపించనివ్వండి.

రసాల విషయంలో మాత్రం మేం కొన్ని ఆర్డర్లు వదులుకున్నాం. చిన్నరసాలు, పెద్దరసాలు తొందరగా మాగిపోతాయి. హైదరాబాద్ చేరేసరికి పెట్టె అడుగున రసం కారిన రోజులున్నాయి. రెండుసార్లు డబ్బు తిరిగిచ్చాక క్యాప్షన్ మొదటి వరుసలోనే “రసాలు విజయవాడ, గుంటూరు వరకే. హైదరాబాద్‌కు పంపలేం” అని పెట్టాం. హైదరాబాద్ నుంచి బతిమాలినవాళ్లున్నారు. పంపలేదు. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మొదటి వరుస గురించి మళ్లీ మళ్లీ అంటున్నాను, దానికి కారణం ఫోను తెరే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ క్యాప్షన్ మొదటి కొన్ని వరుసలే చూపించి మిగతాది మడిచేస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో లింకు ఇచ్చినా నొక్కితే తెరుచుకోదు. అందుకని సరుకు పేరు, బరువు, ధర, గడువు తేదీ ముందు రావాలి. తోట కథ, వేపనూనె, గడ్డి, అన్నీ మడత లోపల ఉన్నా ఫర్వాలేదు. ఆసక్తి ఉన్నవాళ్లు విప్పుకుని చదువుతారు. ఫోను నంబరు కూడా బొమ్మ మీద ముద్రించడమే కాకుండా అక్షరాల్లో రాయాలి. బొమ్మలో ఉన్న నంబరును చూసి ఒక్కో అంకె కొట్టుకోవడానికి పెద్దవాళ్లు అవస్థ పడతారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పెట్టిన మెసేజీ సంఘం నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే మొదటిసారి కొన్నవాళ్లకు పంపే జవాబులో ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అన్న మాట ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చింది తేదీ లేని పోస్టు. నేను మొదటి ఏడాది రాసిన ‘అమృతాన్ని మించిన రుచి’ పోస్టు రెండో ఏడాది ఆగస్టులో ఏదో అపార్టుమెంటు గ్రూపులో మళ్లీ తిరగడం మొదలైంది. చెట్ల మీద ఒక్క కాయ లేదు. మూడు రోజులు ఆ అమ్మాయి ఫోను మోగింది. ఎవరో ఒకాయన సంఘం దగ్గర కాయ ఉండి కూడా తనకు ఇవ్వడం లేదనుకుని కోప్పడ్డాడు కూడా. అప్పటి నుంచి తేదీ, సంవత్సరంతో సహా, క్యాప్షన్‌లోనూ ఫోటో మూలనా రెండు చోట్లా వేస్తున్నాం. సీజన్ ముగియగానే చివరి పోస్టు ఒకటి పెడతాం. ఈ ఏడాదిది ఇదీ:

“బంగినపల్లి ఈ ఏటికి అయిపోయింది. చివరి కోత జూన్ 5. ఇంతకుముందు మా పోస్టు ఎక్కడైనా కనిపిస్తే దాన్ని ఫార్వర్డ్ చేయకండి. మళ్లీ మామిడి వచ్చే ఏప్రిల్ నెలాఖరులో. కందిపప్పు, కొత్త బియ్యం జనవరిలో.”

మీ గ్రూపులోకి కూడా ఇలాంటి పోస్టు ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. ఇంకొకరికి పంపే ముందు అందులో తేదీ ఉందో లేదో ఒకసారి చూడండి. ఆర్డరు పెట్టేటప్పుడు మీ పేరు, కాలనీ, పిన్‌కోడ్, ఎన్ని పెట్టెలో ఒకే మెసేజీలో రాయండి. అవతల ఫోను పట్టుకున్న మనిషి అప్పుడు తోటలో తూకం వేస్తూ ఉంటుంది.